పేరడీ, నివాళి, పాస్టీష్: మెట్ల మీద జారిన బండి చెప్పే తేడాలు

ఒక సినిమాలో మరో సినిమా కనిపించడానికి మూడు ప్రసిద్ధమైన దారులున్నాయి. పాతదాన్ని పట్టుకుని నవ్వించేది పేరడీ. పాతదాన్ని గౌరవంగా తలుచుకునేది నివాళి. పాతదాని తీరులోనే కొత్తది అల్లేది పాస్టీష్. మూడింటికీ అనుకరణే మూలం కాబట్టి చూసేవాళ్ళు తరచూ ఒకదాన్ని మరొకటి అనుకుంటారు. మూడింటినీ కలిపి "కాపీ కొట్టారు" అని తేల్చేసేవాళ్ళకూ కొదవలేదు.

పేరడీ అనే మాట తెలుగువాళ్ళకు కొత్త కాదు. సమకాలీన కవుల ధోరణులను అనుకరిస్తూ జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి చేసిన పేరడీలు ఎంత పేరు పొందాయంటే, ఆయన్ని పేరడీ శాస్త్రి అనే పిలిచేవారు. గ్రీకులో ఈ మాటకు పాట పక్కన పాడే పాట అని అర్థం చెబుతారు. ఇంగ్లీషువాళ్ళు హోమేజ్ అనేదాన్ని మన పత్రికలు నివాళి అంటున్నాయి. నివాళి అనగానే కన్నుమూసినవారు గుర్తుకొస్తారు గానీ, హోమేజ్ అసలు అర్థం వేరు. మధ్యయుగాల ఐరోపాలో సామంతుడు ప్రభువు ముందు మోకరిల్లి "నేను నీ మనిషిని" అని ఒప్పుకునే తంతుకు అది పేరు. పాస్టీష్‌కు మాత్రం తెలుగులో స్థిరపడిన మాట లేదు. రకరకాల దినుసులు కూరి కాల్చే ఇటాలియన్ వంటకం పేరు నుంచి ఆ మాట ఫ్రెంచిలోకి వచ్చింది.

ఈ మూడింటి తేడా నిర్వచనాలతో సరిగా బోధపడదు. ఒకే దృశ్యం వేర్వేరు చేతుల్లో ఏమైందో చూస్తే తెలుస్తుంది. అందుకు సినిమా చరిత్రలో ఒక చంటిపాప బండి సిద్ధంగా ఉంది.

1905లో రష్యా యుద్ధనౌక పొటెంకిన్‌లో నావికులు తిరగబడ్డారు. ఆ కథను సెర్గీ ఐసెన్‌స్టీన్ 1925లో "బాటిల్‌షిప్ పొటెంకిన్" పేరుతో మూకీ చిత్రంగా తీశాడు. తిరుగుబాటుదారులకు సంఘీభావంగా ఒడెస్సా రేవులోని మెట్ల మీద జనం గుమిగూడతారు. పైనుంచి జారు సైనికులు తుపాకులు ఎక్కుపెట్టి ఒక్కో మెట్టే దిగుతూ కాలుస్తారు. సైనికుల ముఖాలు దాదాపు కనిపించవు, బూట్ల వరసలే కనిపిస్తాయి. చంటిపాప బండితో ఉన్న ఒక తల్లికి గుండు తగులుతుంది. ఆమె నడుము పట్టుకుని కూలుతుంటే ఆమె ఒళ్ళే తగిలి బండి కదులుతుంది. ఆ తర్వాత అది మెట్టు మెట్టూ ఎగిరిపడుతూ, శవాల మధ్య నుంచి కిందికి దొర్లిపోతుంది. నిజంగా దిగడానికి పట్టే సమయం కంటే తెర మీద చాలా ఎక్కువ సమయం పడుతుంది. బండి, పాప ముఖం, చూస్తున్న కళ్ళజోడు కుర్రవాడు, మళ్ళీ బండి, ఇలా ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఐసెన్‌స్టీన్ క్షణాన్ని సాగదీశాడు. పాప ఏమైందో చిత్రం స్పష్టంగా చూపించదు. సినిమా పాఠశాలల్లో ఎడిటింగ్ పాఠం చెప్పేవాళ్ళు ఈ దృశ్యాన్ని దాటి పోవడం అరుదు. అందుకే తర్వాతి దర్శకులు దీన్ని అంతగా ఎత్తుకున్నారు.

62 ఏళ్ళ తర్వాత, 1987లో, ఆ బండి చికాగోలో తేలింది. బ్రయాన్ డి పాల్మా తీసిన "ది అన్‌టచబుల్స్"లో ఎలియట్ నెస్ అనే అధికారి, గూండా నాయకుడు అల్ కపోన్ పద్దులు రాసే గుమాస్తాను పట్టుకోవడానికి రైల్వేస్టేషన్‌లో కాపు వేస్తాడు. గడియారం ముల్లు కదులుతుంటుంది. ఒక తల్లి రెండు పెట్టెలు, చంటిపాప బండి ఈడ్చుకుంటూ మెట్లెక్కలేక అవస్థ పడుతుంటుంది. నేపథ్యంలో జోలపాటలాంటి చిన్న స్వరం వినిపిస్తుంది. చూసీ చూసీ ఆగలేక నెస్ దిగి వచ్చి బండి పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడే శత్రువులు కనబడతారు. తుపాకీ తీయాలంటే బండి వదలాలి. వదులుతాడు. ఇక కాల్పులు, స్లో మోషన్‌లో మెట్ల మీద దొర్లే బండి, గొంతు వినిపించకుండా కేకలు పెట్టే తల్లి.

ఇది నివాళి. పోలికలను బట్టి మాత్రమే ఆ మాట అనలేం. మెట్లు, బండి, తల్లి, కాల్పులు, సాగదీసిన కాలం ఎలాగూ ఉన్నాయి. వీటితోపాటు కథకు ఏ అవసరమూ లేకపోయినా తెల్లబట్టల నావికులు ఆ మెట్ల మీద ఉన్నారు, గుళ్ళకు పడిపోయారు. నడిబొడ్డు చికాగో స్టేషన్‌లో నావికులెందుకంటే, పొటెంకిన్ నావికుల కోసం. దర్శకుడు పాత చిత్రం తెలిసినవాళ్ళ వైపు చూసి కన్నుగీటిన చోటు అది. అయితే నివాళిని ఖాయం చేసేది ఈ కన్నుగీటు కూడా కాదు. ఐసెన్‌స్టీన్ పేరైనా వినని ప్రేక్షకుడు కూడా ఈ దృశ్యాన్ని ఊపిరి బిగబట్టే చూస్తాడు. పాప బతుకుతుందా, గుమాస్తా దొరుకుతాడా అన్న ఉత్కంఠకు పాత చిత్రంతో పని లేదు. మూలం తెలియకపోయినా దృశ్యం తన కాళ్ళ మీద తాను నిలబడటం, మూలం తెలిస్తే మరో పొర అదనంగా దక్కడం నివాళి లక్షణం.

మంచి నివాళిలో ఇంకో గుణం ఉంటుంది: అది ఎరువు తెచ్చుకున్నదాని అర్థాన్ని కాస్త మార్చి వాడుకుంటుంది. ఒడెస్సాలో బండిని జార్చింది రాజ్యహింస. చికాగోలో జార్చింది కథానాయకుడి సొంత నిర్ణయం. మంచివాడు మంచిపని కోసమే ఒక పసిప్రాణాన్ని పణం పెట్టాడు. చివరికి నెస్ అనుచరుడు నేల మీద జారి వచ్చి, ఒంటితో బండిని ఆపుతూనే శత్రువు మీద తుపాకీ గురిపెడతాడు. పాప క్షేమం. రష్యన్ చిత్రం తెరిచి వదిలేసిన గాయాన్ని హాలీవుడ్ కుట్లు వేసి మూసింది. ఇది డి పాల్మా గొప్పతనమా, హాలీవుడ్ అలవాటా అని వాదించుకోవచ్చు గానీ, ఎగతాళి మాత్రం కాదు.

మరో ఏడేళ్ళకు, 1994లో, "నేకెడ్ గన్" వరుసలోని మూడో చిత్రం అదే బండితో మొదలైంది. లెస్లీ నీల్సన్ నటించిన మొద్దు పోలీసు ఫ్రాంక్ డ్రెబిన్ రైల్వేస్టేషన్ మెట్ల దగ్గర కాపు కాస్తాడు. బండి జారుతుంది. ఒకటి జారితే సరిపోయిందా? ఇంకో బండి, మరో బండి. వాటికి తోడు అమెరికా అధ్యక్షుడు వస్తాడు, పోప్ వస్తాడు, కడుపు మండిన తపాలా ఉద్యోగులు తుపాకులతో వస్తారు. అంతా డ్రెబిన్ కల అని తర్వాత తేలుతుంది. ఇది పేరడీ.

పేరడీ ఆయుధం అతి. మూలంలో ఒకటి ఉన్నచోట పది పెడుతుంది, బరువైనచోట తేలికైనదాన్ని, పవిత్రమైనచోట చిల్లరదాన్ని పెడుతుంది. ఒక బండి గుండె జారుస్తుంది, వరసగా దొర్లే బండ్లు నవ్వు తెప్పిస్తాయి. దాంతో మొదటి బండి మీద కూడా అనుమానం పుడుతుంది: సరిగ్గా కాల్పుల సమయానికే చంటిపాప ఎందుకొచ్చింది, మన గుండె పిండటానికే కదా? పేరడీ నవ్వులో ఈ విమర్శ దాగి ఉంటుంది. అందుకే కెనడా సాహిత్య సిద్ధాంతకర్త లిండా హచియన్ పేరడీకి ఎగతాళి కంటే విమర్శనాత్మకమైన ఎడమే ప్రధానమని 1985లో వాదించింది. మూలాన్ని మళ్ళీ చెబుతూనే దాని నుంచి ఒక అడుగు దూరంగా నిలబడటం పేరడీ అని ఆమె భావం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "నేకెడ్ గన్" వెక్కిరించింది ఐసెన్‌స్టీన్‌ను కాదు. మెట్లు ఒడెస్సావి కావు, రైల్వేస్టేషన్‌వి. దిగివచ్చే సైన్యం లేదు, కాపు కాసే పోలీసు ఉన్నాడు. అంటే గురి 1987 నాటి చిత్రం మీద. ఒక పేరడీ ఎవరి ఇంటి అడ్రసుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మొత్తం పోలికను కాకుండా ఇలాంటి చిన్న వివరాలను పట్టుకోవాలి. నివాళికి పుట్టిన పేరడీ కాబట్టి, దీన్ని పొటెంకిన్‌కు మనవడి వరస అనుకోవచ్చు.

రెండింటి నడుమ ఊగే దృశ్యాలూ ఉంటాయి. టెర్రీ గిలియం 1985లో తీసిన "బ్రెజిల్"లో సైనికులు మెట్లు దిగుతూ కాలుస్తుంటే దొర్లిపోయేది చంటిపాప బండి కాదు, నేల శుభ్రం చేసే పెద్ద యంత్రం. మార్పును బట్టి చూస్తే అది పేరడీ. కానీ ఆ సినిమా కథ కర్కశమైన నియంతృత్వం గురించి, కాల్పులు ఐసెన్‌స్టీన్ తీసినంత భయంకరంగానే ఉంటాయి. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఇలాంటిచోట ఒకే పేరు అంటించాలని పట్టుబట్టడం కంటే, నవ్వు ఎక్కడ ఆగిందో గమనించడం మేలు.

పాస్టీష్ దగ్గరికి వచ్చేసరికి బండి ఉపయోగపడదు. పాస్టీష్ ఎత్తుకునేది ఒక దృశ్యాన్ని కాదు, ఒక తీరును. ఒక కాలం, ఒక దర్శకుడు లేదా ఒక రకం సినిమా మాట్లాడే భాషను నేర్చుకుని, ఆ భాషలో కొత్త కథ చెబుతుంది.

ఫ్రెంచి దర్శకుడు మిషెల్ అజనవీసియుస్ 2011లో తీసిన "ది ఆర్టిస్ట్" ఇందుకు నిండైన ఉదాహరణ. 1927 నుంచి 1932 వరకు హాలీవుడ్‌లో జరిగే కథ. మాటల సినిమా రావడంతో మూకీ తార జార్జ్ వాలంటీన్ వెలుగు ఆరిపోతుంది, అతను చేయందించిన అమ్మాయి పెప్పీ మిల్లర్ తార అవుతుంది. సినిమా కూడా మూకీయే. నలుపు తెలుపు, దాదాపు చతురస్రంగా ఉండే పాతకాలపు చట్రం, మాటలకు బదులు మధ్యమధ్య అక్షరాల పలకలు. పాత మూకీల్లో మనుషులు కాస్త వడివడిగా కదిలినట్టుంటారు కదా. ఆ వాసన కోసం ఈ చిత్రాన్ని సెకనుకు 22 ఫ్రేముల చొప్పున తీసి, మామూలుగా 24 చొప్పున ప్రదర్శించారు. తేడా ఇంత అని ప్రేక్షకుడు వేలెత్తి చూపలేడు, కానీ కంటికి తెలుస్తుంది. ఈ చిత్రం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.

ఇందులో మూకీలను వెక్కిరించడం లేదు. హాస్యం ఉంది, అయితే అది మూకీల్లో ఉండే తరహా హాస్యమే. ఫలానా పాత చిత్రంలోని ఫలానా దృశ్యానికి నమస్కారం పెట్టి ముందుకు సాగడమూ కాదు, సినిమా మొదటి నుంచి చివరిదాకా ఆ వేషం తీయదు. పాస్టీష్‌ను గుర్తుపట్టే మొదటి ఆనవాలు ఇదే: అనుకరణ ఒక చోట మెరిసి మాయం కాదు, నేలంతా పరుచుకుని ఉంటుంది. కథను పక్కనపెట్టి చట్రం కొలత, వెలుతురు, నటుల చేతుల కదలిక, సంగీతం, అక్షరాల రూపం చూస్తే అన్నీ ఒకే కాలం వైపు వేలు చూపిస్తాయి.

రెండో ఆనవాలు కుట్టు కనిపించే చోటు. పాస్టీష్ ఎంత నిష్ఠగా చేసినా అది పాత సినిమా కాదు. ఎక్కడో ఒకచోట తాను ఇప్పటిదానినని చెప్పుకుంటుంది. "ది ఆర్టిస్ట్"లో ఒక పీడకల వస్తుంది. జార్జ్ గాజుగ్లాసు బల్ల మీద పెడతాడు, టక్కున చప్పుడవుతుంది. అంతవరకూ సంగీతం తప్ప ఏమీ వినని ప్రేక్షకుడు జార్జ్‌తో పాటు ఉలిక్కిపడతాడు. వస్తువులన్నీ మోగుతాయి, జార్జ్ గొంతు మాత్రం పెగలదు. మాటల సినిమా అలవాటై, మౌనం వింతగా తోచే ప్రేక్షకుల కోసమే ఇలాంటి దృశ్యం ఆలోచించగలరు. ఇంకో కుట్టు వివాదమే తెచ్చింది. ముగింపుకు ముందు ఘట్టంలో బెర్నార్డ్ హెర్మన్ 1958 నాటి హిచ్‌కాక్ చిత్రం "వెర్టిగో"కు కట్టిన సంగీతాన్ని వాడుకున్నారు. మూకీల కాలం పోయిన మూడు దశాబ్దాల తర్వాతి సంగీతం అది. "వెర్టిగో" కథానాయిక కిమ్ నొవాక్ బహిరంగంగా తీవ్ర అభ్యంతరం చెప్పింది. పాస్టీష్‌కు కాలాల మధ్య గోడలు పలచనని ఇది చూపిస్తుంది. పాతదనం అనే మూటలో ఏ దశాబ్దపు సరుకైనా సర్దేస్తుంది.

అమెరికన్ విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ 1980లలో పాస్టీష్‌ను తప్పుపట్టింది దాదాపు ఇందుకే. పేరడీకి చెప్పదలచుకున్నది ఒకటి ఉంటుంది, పాస్టీష్ ఆ ఉద్దేశం లేని ఖాళీ వేషం, చరిత్రను దుస్తుల బీరువాలా వాడుకుంటుంది అని ఆయన ఫిర్యాదు. ఆ మాట అన్ని పాస్టీష్‌లకూ వర్తించదు. బ్రిటిష్ సినిమా పండితుడు రిచర్డ్ డయర్ 2007లో ఒక పుస్తకమే రాసి, ఒక తీరును దగ్గరగా అనుకరించడం ద్వారా ఆ తీరులోని భావోద్వేగాన్ని నిజంగా అనుభవింపజేయవచ్చని, అదే సమయంలో అది ఒక తీరు మాత్రమేనన్న ఎరుకా కలిగించవచ్చని వాదించాడు. గాజుగ్లాసు చప్పుడు ఆయన పక్షానే సాక్ష్యం చెబుతుంది.

సీరీస్‌లలో పాస్టీష్‌కు చోటు ఎక్కువ. 2021లో వచ్చిన "వాండావిజన్" తొమ్మిది భాగాల్లో ఎక్కువ భాగాలు ఒక్కో దశాబ్దపు అమెరికన్ కుటుంబ హాస్య సీరియల్ తీరులో నడుస్తాయి. మొదటి భాగాన్ని నలుపు తెలుపులో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి వాళ్ళ నవ్వులతో సహా తీశారు. వస్తువులు గాల్లో ఎగరడానికి ఆనాటిలాగే తీగలు వాడారు. యజమాని దంపతులు భోజనానికి వస్తారు, హడావిడి, అపార్థాలు, నవ్వులు. అంతలో యజమానికి గొంతులో ముద్ద అడ్డుపడుతుంది. ఆయన భార్య సరదాగా "ఆపండి" అంటుంది. మళ్ళీ అంటుంది. మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంటుంది, కానీ స్వరంలో సరదా పోతుంది. నవ్వులు ఆగిపోతాయి. అంతవరకూ నాటకరంగం ముందు కూర్చున్నట్టు దూరం నుంచి చూసిన కెమెరా ముఖాలకు దగ్గరగా జరుగుతుంది. మాటల్లో ఏమీ చెప్పకుండానే, కేవలం తీరు మార్చి, ఈ లోకంలో ఏదో తేడాగా ఉందని సీరీస్ చెప్పేసింది. ఇక్కడ పాస్టీష్ అలంకారం కాదు, కథకు ఇరుసు: ప్రేమించినవాడు పోయిన దుఃఖాన్ని భరించలేని స్త్రీ పాత సీరియళ్ళ భద్రమైన లోకాన్ని తన చుట్టూ కట్టుకుంది.

ఒక అపోహను ఇక్కడే తీర్చాలి. ప్రేమతో చేస్తే నివాళి, చులకనగా చేస్తే పేరడీ అని చాలామంది అనుకుంటారు. మెల్ బ్రూక్స్ 1974లో తీసిన "యంగ్ ఫ్రాంకెన్‌స్టీన్" ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. అది ఆద్యంతం పేరడీ. కానీ 1931 నాటి "ఫ్రాంకెన్‌స్టీన్"లో మెరుపులు చిమ్మిన ప్రయోగశాల పరికరాలను, వాటిని తయారుచేసిన కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ దగ్గరి నుంచే తెచ్చి ఈ సినిమాలో పెట్టారు. నలుపు తెలుపులోనే తీస్తానని పట్టుబట్టి బ్రూక్స్ నిర్మాణ సంస్థనే మార్చుకున్నాడు. ప్రేమ లేనివాడు ఇంత శ్రమ పడడు. చిత్రీకరణ చూస్తే పాస్టీష్, సంభాషణలు వింటే పేరడీ. దర్శకుడి మనసులో ఏముందో ప్రేక్షకుడు తూచలేడు, తెర మీద ఏది మారిందో మాత్రం చూడగలడు. పరీక్ష అక్కడ పెట్టుకోవాలి.

తెలుగు తెరకు వస్తే, పేరడీ దొరికినంత సులువుగా మిగతావి దొరకవు. అల్లరి నరేష్ నటించిన "సుడిగాడు" (2012), తమిళ "తమిళ్ పడం" (2010) ఆధారంగా వచ్చింది. ఒక్క చిత్రాన్ని కాకుండా మన మాస్ సినిమా అలవాట్లన్నిటినీ అది వరసగా పట్టుకుంటుంది. హీరో పరిచయం, గాలిలో గింగిరాలు తిరిగే రౌడీలు, కుటుంబ సెంటిమెంటు, పంచ్ డైలాగు ఒక్కొక్కటి ఇంకో మెట్టు పైకెక్కి కూలిపోతుంది. ఆ అలవాట్లు తెలియని పరదేశి దీన్ని చూస్తే సగం నవ్వులు అందవు. నివాళికి పెట్టిన పరీక్షకు ఇది సరిగ్గా ఎదురు: మూలం ఎరగనివాడి దగ్గర పేరడీ చాలావరకు చతికిలబడుతుంది.

"మహానటి" (2018)లో "మాయాబజార్" (1957) పాట చిత్రీకరణను మళ్ళీ తీసిన ఘట్టం గురించి మాత్రం జాగ్రత్త అవసరం. "మాయాబజార్"లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి, ఎస్వీ రంగారావు ఠీవిని ఆడపిల్ల ఒంట్లోకి తెచ్చుకుని ఆడింది. కీర్తి సురేశ్ ఆ సావిత్రిని అనుకరించింది, అంటే అనుకరణకు అనుకరణ. అయినా దీన్ని పాస్టీష్ అనడం కుదరదు. సావిత్రి జీవితకథలో ఆ చిత్రీకరణ ఒక సంఘటన, కాబట్టి అది పునర్నిర్మాణం. మొత్తం సినిమా సావిత్రికి నివాళి అంటే ఎవరూ కాదనరు, అయితే అది వ్యక్తికి అర్పించిన నివాళి. డి పాల్మా చేసినట్టు తన కథ చెప్పుకుంటూ మరో చిత్రపు దృశ్యాన్ని కలుపుకోవడం వేరు.

సినిమా చూస్తూ "ఇదెక్కడో చూశానే" అనిపించినప్పుడు ముందుగా తేల్చుకోవలసింది అసలు ప్రస్తావన ఉందా లేదా అన్నది. మెట్ల మీద చంటిపాప బండి జారిన ప్రతిసారీ అది ఐసెన్‌స్టీన్ కాదు, కొన్నిసార్లు బండి మాత్రమే. ఒక్క పోలిక యాదృచ్ఛికం కావచ్చు. బండి, కాల్పులు, సాగదీసిన కాలం, నావికులు ఇలా ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు వివరాలు ఒకేచోట చేరితే అనుకోకుండా చేరవు. కథకు అక్కర్లేని వివరం మరీ బలమైన సాక్ష్యం. ప్రస్తావన ఉందని తేలాక ఎత్తుకున్నది దృశ్యమా తీరా అని చూస్తే పాస్టీష్ విడిపోతుంది. ఆ తర్వాత ఏది మార్చారో, ఆ మార్పు ఎటు లాగుతోందో చూడాలి. అతి వైపు, పొసగనిదాని వైపు లాగితే పేరడీ, కొత్త కథ అవసరం వైపు లాగితే నివాళి. మార్పే లేకుండా, మూలం కనబడకుండా దాచిపెట్టే ప్రయత్నం ఉంటే అది వీటిలో ఏదీ కాదు. ఈ మూడూ ప్రేక్షకుడు పోల్చుకోవాలని కోరుకుంటాయి. దొంగసరుకు పోల్చుకోకూడదని కోరుకుంటుంది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది: మూలాన్ని జనం మరిచిపోవచ్చు. 1980 నాటి "ఎయిర్‌ప్లేన్!" విమానప్రమాద చిత్రాల మీద పేరడీగా ప్రసిద్ధి. నిజానికి దాని కథ 1957లో వచ్చిన "జీరో అవర్!" అనే పూర్తి గంభీరమైన సినిమాది. విమానంలో పెట్టిన చేపల భోజనం తిని పైలట్లు పడిపోతే, యుద్ధకాలపు చేదు జ్ఞాపకాలతో కుమిలే మాజీ పైలట్ విమానాన్ని దించాలి. రచయితలు ఆ చిత్రం హక్కులు కొనుక్కుని, కథానాయకుడి పేరులో ఒక్క అక్షరం మార్చి, చాలా సంభాషణలను ఉన్నవి ఉన్నట్టే వాడుకున్నారు. అప్పటిదాకా గంభీర పాత్రలే వేసిన లెస్లీ నీల్సన్‌ను వైద్యుడిగా పెట్టి, అంతే గంభీరంగా పలకమన్నారు. ఇవాళ "జీరో అవర్!" చూసినవాళ్ళు తక్కువ, "ఎయిర్‌ప్లేన్!" చూసి నవ్వేవాళ్ళు ఎందరో. మూలం తెలియని పేరడీ చతికిలబడాలన్న సూత్రం దీనికి వర్తించలేదు, ఎందుకంటే చుట్టూ ప్రళయం నడుస్తుంటే చెక్కుచెదరని ముఖంతో మాట్లాడే మనిషి ఏ సినిమా తెలియనివాడికైనా నవ్వు తెప్పిస్తాడు. వరసబెట్టి రెండింటినీ చూసినవాళ్ళకు ఇంకో చిత్రమైన అనుభవం ఎదురవుతుంది. 1957 నాటి గంభీర సంభాషణ వినబడుతుంటే, అందులో హాస్యం ఒక్క ముక్క లేకపోయినా నవ్వు ఆగదు.